30-70 వెయిటేజీ ఉన్న స్కూల్లో రెండో టర్మ్‌కి ఎన్ని మార్కులు కావాలి: మొదటి నుంచి చివరి దాకా లెక్క

"మొదటి టర్మ్‌లో 42 వచ్చాయి, ఏడాది మొత్తానికి 60 కావాలి, ఇప్పుడు ఎన్ని తెచ్చుకోవాలి?" అంకెలు మారుతుంటాయి గానీ అడిగేది ఎప్పుడూ ఇదే. ఏడాది ఫలితంలో మొదటి టర్మ్‌కి 30 శాతం, రెండో టర్మ్‌కి 70 శాతం విలువ ఇచ్చే స్కూళ్ల లెక్క ఇది, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకేచోట రాస్తున్నాను. పెన్నూ కాగితమూ తీసుకుని కూర్చుంటే ఒక సబ్జెక్టుకి రెండు నిమిషాలు కూడా పట్టదు. కాకపోతే లెక్క మొదలుపెట్టే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలి, చాలామంది తప్పు చేసేది అక్కడే.

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి లెక్కల సబ్జెక్టునే ఉదాహరణగా తీసుకుంటాను. వాడి ప్రోగ్రెస్ కార్డుతో మేం పడ్డ తిప్పల్లో ఈ లెక్కలో జరిగే తప్పులు దాదాపు అన్నీ ఉన్నాయి.

## 1. ముందు ఇవి కనుక్కోండి

కార్డు చేతిలో పెట్టుకుని వీటికి జవాబులు రాసుకోండి. కార్డులో లేనివి క్లాస్ టీచర్‌ని అడగండి.

- మొదటి టర్మ్ పేపర్ ఎన్ని మార్కులకు? రెండోది ఎన్నింటికి?
- 30-70 అనేది రాత పరీక్షకే వర్తిస్తుందా, ప్రాజెక్టులు, ప్రాక్టికల్స్ కూడా అందులోకే వస్తాయా?
- పాస్ అవ్వాలంటే మొత్తం మీద కనీస మార్కులు వస్తే చాలా, రెండో టర్మ్‌లో విడిగా కూడా రావాలా?
- పాయింటు తర్వాతి అంకెలను ఏం చేస్తారు? దగ్గరి అంకెకు మారుస్తారా, కొట్టేస్తారా, అలాగే ఉంచుతారా?
- మొదటి టర్మ్ రాయనివాళ్లకు ఆ 30 సున్నా కింద వేస్తారా, రెండో టర్మ్ మార్కులనే మొత్తానికి తీసుకుంటారా?

మొదటి ప్రశ్న చూస్తే చాలా మామూలుగా ఉంటుంది. మేం పడిపోయింది దాంట్లోనే. కార్డులో లెక్కల ఎదురుగా 21 అని ఉంది. ఎన్నింటికి అన్నది ఆ గడిలో లేదు, కార్డు పైన చిన్న అక్షరాల్లో "టర్మ్ 1: 50 మార్కులు" అని ఉంది, అది మా కంట పడలేదు. 21ని నూటికి అనుకుని లెక్క వేస్తే, మొత్తం 60 రావాలంటే రెండో టర్మ్‌లో 77 కావాలని తేలింది. "పిన్నీ, నాకు లెక్కల్లో 77 ఎప్పుడూ రాలేదు" అని వాడు పుస్తకం మూసేశాడు. అసలు కావలసింది 68. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో కింద చూడండి.

## 2. రెండింటినీ నూటికి మార్చండి

వెయిటేజీ అనేది శాతాల మీద పనిచేస్తుంది, పేపర్‌లో వచ్చిన మార్కుల మీద కాదు. అందుకని ముందు మొదటి టర్మ్ మార్కులను నూటికి ఎన్నో చేసుకోవాలి. వచ్చిన మార్కులను పేపర్ మొత్తం మార్కులతో భాగించి వందతో గుణించడమే.

మా వాడికి 50కి 21, అంటే నూటికి 42. 80 మార్కుల పేపర్‌లో 42 వస్తే నూటికి 52.5. ఈ మార్పు చేసుకోకుండా ముందుకు వెళ్తే తర్వాత ఎంత జాగ్రత్తగా వేసినా జవాబు తప్పే వస్తుంది, అదీ చూడగానే తప్పని తెలియనంత నమ్మకంగా కనిపిస్తుంది.

## 3. ఇప్పటికే ఖాతాలో పడినవి ఎన్నో చూడండి

నూటికి మార్చిన మొదటి టర్మ్ మార్కులను 0.3తో గుణించండి. 42 × 0.3 = 12.6.

ఈ 12.6 ఏడాది ఫలితంలో ఇప్పటికే మీవి. రెండో టర్మ్‌లో ఏం జరిగినా ఇవి పోవు, పెరగవు కూడా. ఇక రెండో టర్మ్ నుంచి మహా అంటే 70 వస్తాయి, కాబట్టి వాడికి ఏడాదికి రాగల గరిష్ఠం 82.6. ఈ అంకె ముందే చూసుకోవడం చాలా అవసరం, ఎందుకంటే ఇంట్లో ఎవరో "90 తెచ్చుకో" అంటారు, 42తో మొదలైనవాడికి నూటికి నూరు వచ్చినా 90 రాదు. ఏడాదికి 90 కావాలంటే మొదటి టర్మ్‌లో కనీసం 67 వచ్చి ఉండాలి, అప్పుడు కూడా రెండో టర్మ్‌లో దాదాపు నూటికి నూరూ రావాలి.

## 4. రెండో టర్మ్‌లో కావలసినవి

ఏడాదికి కావలసిన మార్కుల్లోంచి ఖాతాలో పడినవి తీసేయండి. మిగిలినదాన్ని 0.7తో భాగించండి.

```
రెండో టర్మ్ = (లక్ష్యం - 0.3 × మొదటి టర్మ్) / 0.7
```

మా వాడి లెక్క: 60 - 12.6 = 47.4. దాన్ని 0.7తో భాగిస్తే 67.71. పేపర్‌లో 67.71 మార్కులు రావు కదా, అందుకని పైకి జరిపి 68 చేయాలి. ఇక్కడ ఎప్పుడూ పైకే జరపాలి. 67.2 వచ్చినా 68 అనే రాసుకోవాలి, 67 వస్తే లక్ష్యం అందదు.

తర్వాత తప్పకుండా వెనక్కి సరిచూసుకోండి: 68 × 0.7 = 47.6, దానికి 12.6 కలిపితే 60.2. సరిపోయింది. 67 పెట్టి చూస్తే 59.5, సరిపోలేదు. ఈ రెండూ వేసి చూస్తే ఇక అనుమానం ఉండదు.

రెండో టర్మ్ పేపర్ 80 మార్కులకైతే ఇంకో అడుగు ఉంది. 67.71ని ముందే 68 చేయకుండా అలాగే ఉంచి 0.8తో గుణించండి, 54.17 వస్తుంది, అంటే 80కి 55 కావాలి. పైకి జరపడం అన్నిటికంటే చివర్లో, ఒక్కసారే చేయాలి.

## 5. కాగితం లేకుండా వేసే పద్ధతి: ఏడుకు మూడు

ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి, పిల్లలకు కూడా ఇట్టే పట్టుబడుతుంది. మొదటి టర్మ్‌లో లక్ష్యం కంటే ఎన్ని తగ్గాయో చూడండి. ప్రతి 7 మార్కుల తగ్గుదలకూ రెండో టర్మ్‌లో లక్ష్యం మీద 3 మార్కులు ఎక్కువ తెచ్చుకోవాలి.

లక్ష్యం 60, వచ్చింది 46 అనుకోండి. 14 తగ్గాయి, అంటే రెండు ఏడులు, కాబట్టి ఆరు ఎక్కువ కావాలి: 66. మా వాడికి 18 తగ్గాయి, రెండు ఏడులూ ఇంకో నాలుగు, అంటే దాదాపు ఎనిమిది ఎక్కువ: 68. అదే జవాబు.

మొదటి టర్మ్‌లో లక్ష్యం కంటే ఎక్కువ వచ్చినా ఇదే లెక్క, తిరగేసి. ప్రతి 7 ఎక్కువకూ రెండో టర్మ్‌లో 3 తగ్గినా ఫర్వాలేదు. మూడే, ఏడు కాదు. దీన్ని మర్చిపోయినవాళ్ల గురించే కిందిది.

## 6. ఎక్కువగా జరిగే తప్పులు

సగటు తీయడం. 42 వచ్చింది, 60 కావాలి, కాబట్టి 78 తెచ్చుకోవాలి అనుకోవడం. రెండు టర్మ్‌లకూ సమాన విలువ ఉన్నప్పుడే ఇది పనికొస్తుంది. తక్కువ వచ్చినవాళ్లకు దీనివల్ల ఉత్త టెన్షన్, పది మార్కులు ఎక్కువ భయపడతారు, అంతే.

కానీ మొదటి టర్మ్‌లో బాగా వచ్చినవాళ్లకు ఇదే తప్పు నిజంగా నష్టం చేస్తుంది. 88 వచ్చిన అమ్మాయికి ఏడాదికి 75 చాలు అనుకుందాం. సగటు లెక్కన 62 వస్తే చాలు అనిపిస్తుంది, కాస్త తేలిగ్గా తీసుకుంటుంది. నిజానికి 88లో ఖాతాలో పడేది 26.4 మాత్రమే. మిగిలిన 48.6ని 0.7తో భాగిస్తే 69.43, అంటే 70 కావాలి. 62తో సరిపెట్టుకుంటే ఏడాదికి వచ్చేది 69.8. అయిదు మార్కులు పైగా తగ్గిపోయాయి, ఎందుకు తగ్గాయో కూడా ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. బాగా వచ్చిన పిల్లల తల్లిదండ్రులు ఈ లెక్క ఇంకా జాగ్రత్తగా వేయాలని నేననేది అందుకే.

భాగించే చోట గుణించడం. 47.4ని 0.7తో గుణిస్తే 33.18 వస్తుంది. గుర్తుపట్టడం తేలికే: మొదటి టర్మ్‌లో లక్ష్యం కంటే తక్కువ వచ్చినప్పుడు రెండో టర్మ్‌కి కావలసింది లక్ష్యం కంటే ఎక్కువే ఉండాలి. తక్కువ వచ్చిందంటే ఎక్కడో తప్పు వేశారు.

"మొదటి టర్మ్‌లో పాస్ కాలేదు, ఇక ఏడాది పోయినట్టే" అనుకోవడం. పాస్ మార్కు 35 అయితే, మొదటి టర్మ్‌లో 20 వచ్చినవాడి ఖాతాలో 6 ఉంటాయి. మిగిలిన 29కి రెండో టర్మ్‌లో 42 చాలు. మొదటి టర్మ్‌లో సున్నా వచ్చినా రెండో దాంట్లో సరిగ్గా 50 వస్తే 35 అవుతుంది.

అటువైపు కూడా చూడండి. మొదటి టర్మ్‌లో 90 వచ్చినవాడికి 27 ఇప్పటికే ఉన్నాయి, లెక్క ప్రకారం రెండో టర్మ్‌లో 12 వచ్చినా 35 దాటుతుంది. రెండో టర్మ్‌లో విడిగా కనీస మార్కులు పెట్టిన స్కూళ్లలో మాత్రం ఈ 12 పనికిరాదు. అలాంటి చోట మీ లెక్కలో వచ్చిన అంకె, స్కూలు పెట్టిన కనీసం, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అదే మీకు కావలసింది.

## 7. పాయింటు తర్వాతి అంకెల సంగతి

ఒక్క మార్కు దగ్గర ఊగిసలాడేవాళ్లకే ఇది అవసరం, మిగతావాళ్లు దాటేయవచ్చు.

కొన్ని చోట్ల రెండు టర్మ్‌ల భాగాలనూ విడివిడిగా పూర్ణాంకాలుగా మార్చి తర్వాత కలుపుతారు. దగ్గరి అంకెకు మారిస్తే మీకు నష్టం లేదు, నాలుగో అడుగులో వచ్చిన అంకె తెచ్చుకుంటే లక్ష్యం అందుతుంది. ఇబ్బంది అంతా పాయింటు తర్వాతది కొట్టేసే చోటే.

మొదటి టర్మ్‌లో 45 వచ్చాయి, 35 కావాలి అనుకోండి. ఖాతాలో 13.5. మిగిలిన 21.5ని 0.7తో భాగిస్తే 30.71, అంటే 31. రెండో టర్మ్‌లో 31 వచ్చాయి, దాని భాగం 21.7. రెండూ అలాగే కలిపితే 35.2, పాస్. కొట్టేసి కలిపితే 13 + 21 = 34. ఒక్క మార్కుతో పోయింది.

దీనికి మందు: ముందే 13.5ని 13 చేసేసి లెక్క మొదలుపెట్టండి. 35 - 13 = 22, దాన్ని 0.7తో భాగిస్తే 31.43, పైకి జరిపితే 32. ఇక కొట్టేసినా ఏం కాదు. స్కూల్లో ఏ పద్ధతో కచ్చితంగా తెలియకపోతే ఈ లెక్కనే నమ్ముకోవడం మంచిది.

## 8. ప్రాజెక్టులు, ప్రాక్టికల్స్ ఉంటే

30-70 అన్న మాట వినగానే మొత్తం వంద మార్కులనూ అలాగే విడగొట్టేస్తారు చాలామంది. అలా కాదనడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. 2021-22లో సీబీఎస్‌ఈ పది, పన్నెండు తరగతులకు రెండు టర్మ్‌లుగా బోర్డు పరీక్షలు పెట్టి, చివరి ఫలితంలో రాత పరీక్షలకు మొదటి టర్మ్ 30 శాతం, రెండో టర్మ్ 70 శాతం లెక్కన తీసుకుంది. ప్రాక్టికల్స్‌కి మాత్రం రెండు టర్మ్‌లకూ సమాన విలువ ఇచ్చింది.

పదో తరగతిలో రాత పరీక్ష మొత్తం 80, అంతర్గత మార్కులు 20 ఉన్న సబ్జెక్టుని తీసుకుందాం. ఒక్కో టర్మ్ రాత పేపర్ 40 మార్కులకు, అంతర్గత మార్కులు టర్మ్‌కి పదేసి. ఇక్కడ ముందు చేయాల్సిన పని, 80లో ఒక్కో పేపర్ వాటా చూసుకోవడం. 80లో 30 శాతం అంటే 24, అవి 40 మార్కుల పేపర్ మీద వస్తాయి, కాబట్టి మొదటి టర్మ్‌లో ఒక్కో మార్కు విలువ 0.6. అలాగే 80లో 70 శాతం 56, రెండో టర్మ్‌లో ఒక్కో మార్కు విలువ 1.4.

మొదటి టర్మ్‌లో 40కి 31 వచ్చాయి, అంతర్గత మార్కులు తొమ్మిదీ తొమ్మిదీ పద్దెనిమిది వస్తాయని అనుకుంటున్నారు, మొత్తం నూటికి 80 కావాలి. వరసగా ఇలా:

1. 80లోంచి అంతర్గత మార్కులు 18 తీసేయండి. రాత పరీక్ష నుంచి రావలసినవి 62.
2. మొదటి టర్మ్ వాటా 31 × 0.6 = 18.6.
3. 62 - 18.6 = 43.4.
4. 43.4ని 1.4తో భాగిస్తే 31. రెండో పేపర్‌లో 40కి 31 కావాలి.

అంతర్గత మార్కులు ఇంకా వేయకపోతే, మీరు ఆశించినదానికంటే ఒకటి రెండు తగ్గించి లెక్క వేసుకోండి. ఈ పద్ధతిలో అక్కడ తగ్గే రెండు మార్కులకు రెండో పేపర్‌లో ఒకటిన్నర దాకా ఎక్కువ కావాలి.

## 9. సబ్జెక్టులన్నీ ఒకేసారి వేయాలంటే

ఫోన్‌లో గూగుల్ షీట్స్ గానీ కంప్యూటర్‌లో ఎక్సెల్ గానీ తెరవండి. A వరసలో సబ్జెక్టు పేరు, Bలో మొదటి టర్మ్ నూటికి మార్చిన మార్కులు, Cలో లక్ష్యం. D2లో ఇది రాసి కిందికి లాగండి:

```
=ROUNDUP((10*C2-3*B2)/7,0)
```

0.3, 0.7 పెట్టకుండా పదితో గుణించి రాయడానికి కారణం ఉంది. దశాంశాలతో వేస్తే కంప్యూటర్ లోపల ఒక్కోసారి 50కి బదులు 50.0000000001 లాంటిది వస్తుంది, ROUNDUP దాన్ని పట్టుకుని 51 చేసేస్తుంది. B, Cలలో పూర్ణాంకాలు ఉన్నంతవరకు పై ఫార్ములాతో ఆ గొడవ లేదు.

D వరసలో 100 దాటిన అంకె కనిపిస్తే ఆ లక్ష్యం అందదని అర్థం, Cలో తగ్గించండి. సున్నా కంటే తక్కువ వస్తే లక్ష్యం ఇప్పటికే అందిపోయింది.

మీకు కావలసింది సబ్జెక్టు వారీగా కాదు, అన్నీ కలిపి ఇంత శాతం అయితే, ఒక్కో సబ్జెక్టుకి విడిగా లక్ష్యం పెట్టుకోనక్కర్లేదు. సబ్జెక్టులన్నిటికీ మొత్తం మార్కులు సమానమైతే మొదటి టర్మ్ సగటు తీసి, దాన్నే ఫార్ములాలో పెట్టండి, రెండో టర్మ్‌లో కావలసిన సగటు వస్తుంది. అప్పుడు సైన్స్‌లో వచ్చిన మార్కూ తెలుగులో వచ్చిన మార్కూ ఒకటే, ఏ సబ్జెక్టులో పెంచుకోవడం తేలికో దాని మీద ఎక్కువ కూర్చోవచ్చు, మిగతావి పాస్ మార్కు కింద పడకుండా చూసుకుంటే చాలు.

## 10. మొదటి టర్మ్ పేపర్లు ఒకసారి తిరగేయండి

కూడికలో తప్పుంటే ఇప్పుడే పట్టుకోవాలి. మొదటి టర్మ్‌లో ఏడు మార్కులు కలపడం మర్చిపోయారని తేలితే, ఏడుకు మూడు లెక్కన రెండో టర్మ్‌లో తెచ్చుకోవలసినవి మూడు తగ్గుతాయి. చిన్నదే, కానీ పేపర్ ఇంట్లోనే ఉంటే అయిదు నిమిషాల పని.

## 11. ఫైనల్ కార్డు వచ్చాక

చేతికి రాగానే మళ్లీ ఒకసారి వేసి చూడండి. మా వాడు 68 కావలసిన చోట 71 తెచ్చుకున్నాడు. 12.6 + 49.7 = 62.3 రావాలి. కార్డులో 56.5 అని ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో చాలాసార్లు ఆ అంకే చెబుతుంది. మా అంకెలతో రాస్తున్నాను, మీవి పెట్టి చూసుకోండి:

- 56.5 అయితే సగటు తీశారు: 42, 71 కలిపి రెండుతో భాగించారు.
- 56 అయితే 50కి వచ్చిన 21ని నూటికి మార్చకుండా వేశారు: 6.3 + 49.7.
- 50.7 అయితే వెయిటేజీ తిరగబడింది: మొదటి టర్మ్‌కి 70, రెండోదానికి 30 వేశారు.

మాది మొదటిది. మా అక్క ఈ లెక్కను చిన్న కాగితం మీద మూడు వరసల్లో రాసి, రెండు టర్మ్‌ల పేపర్లూ జత చేసి క్లాస్ టీచర్‌కి ఇచ్చింది. ఆవిడ షీట్ తెరిచి చూస్తే లెక్కల వరసలో పాత ఏడాది సగటు ఫార్ములానే ఉండిపోయింది, ఒక్క మా వాడిది కాదు, సెక్షన్ మొత్తానిదీ. రెండు రోజుల్లో అందరికీ కొత్త కార్డులు వచ్చాయి.